ములికి లెక్కలోకి రాదు

బాణాలు వేసే రేంజ్ వెనకాల, జనం కూర్చునే మెట్ల కింద ఒక గది ఉంది. అందులో బాణాలు కట్టే మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండాలి గానీ, పిలిచేవాళ్ళు లేక అది మూలపడింది. అందరూ మిల్లీమీటరు అంటారు. మొహం మీద అన్నా ఆయన నొచ్చుకోడు. ప్రతి బాణాన్నీ మూడుసార్లు కొలిచే మనిషిని మరేమనాలి? ఒకసారి కొలిచి అంకె రాస్తాడు. కాగితం బోర్లిస్తాడు. రెండోసారి కొలుస్తాడు, మళ్ళీ బోర్లిస్తాడు, మూడోసారి కొలుస్తాడు. మూడూ ఒకటైతేనే ఆ బాణం గడప దాటుతుంది. బాణాలకోసం వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఆవులిస్తుంటే ఆయన తలెత్తి కూడా చూడడు.

ఈ చాదస్తం పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండేళ్ళ కిందట ఒక్కసారే కొలిచేవాడు, చేత్తో పట్టుకుని బరువు చెప్పేవాడు, పని మధ్యలో కూనిరాగాలు కూడా తీసేవాడు. అప్పుడు ఆయన బాణాలు ప్రధానంగా ఒకే మనిషికోసం. ఆ మనిషి ఆయన అన్నయ్య. అన్నయ్య వేసేవాడు, తమ్ముడు కట్టేవాడు. అన్నయ్య జీవితంలో స్కేలు పట్టి ఎరగడు. "నువ్వు చెప్పావు కదా, చాలు" అనేవాడు. ఆ మాటకోసం తమ్ముడు తిండి మానేసి పనిచేసిన రోజులున్నాయి.

జట్టు ఎంపిక రోజున ఆ బాణాలు చెల్లాచెదురయ్యాయి. గాలి పెద్దగా లేదు, అన్నయ్య చెయ్యి వణకలేదు. అయినా బాణాలు తోకలు ఊపుకుంటూ వెళ్ళి కిందా కుడిపక్కా పడ్డాయి. విల్లు మీద గురి చూసే సైటు మార్చితే ఇంకోచోట పడ్డాయి. నలభై ఏళ్ళ వయసులో అన్నయ్యకి అదే ఆఖరి అవకాశమని రేంజ్‌లో అందరికీ తెలుసు. ఆఖరి బాణం వేశాక అన్నయ్య వెనక్కి తిరిగి, కోచ్‌ల ముందు, పోటీదారుల ముందు, "వీడి బాణాలే నన్ను ముంచాయి" అన్నాడు. బాణాలన్నీ ఏరి సంచీలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. విల్లు అమ్మేశాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ బాణాల్లో ఒక్కటైనా ఇస్తే చూస్తానని తమ్ముడు రెండుసార్లు ఇంటికి వెళ్ళాడు. రెండుసార్లూ తలుపు తెరుచుకోలేదు.

అప్పటినుంచి తన తప్పేమిటో తెలియక ఆయన కొలుస్తూనే ఉన్నాడు. జిగురు ఎక్కువైందా? ఈకలు ఒక పక్కకి ఒరిగాయా? ముందు బరువు లెక్క తప్పానా? పెళ్ళి ఊసు ఎత్తినవాళ్ళకి పని ఉందని చెప్పాడు. పని ఉన్నమాట నిజమే. గదిలో రెండు కుర్చీలు ఉండేవి. రెండోదాని మీద ఈకల డబ్బాలు చేరి, క్రమంగా అది కుర్చీ అన్న సంగతే మరుగునపడింది. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడే అవసరం వచ్చేది కాదు. అలాంటి రోజున ఎవరైనా వచ్చి పలకరిస్తే గొంతు సవరించుకుని గానీ జవాబు చెప్పలేకపోయేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె బాణాల గొట్టం భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడింది.

"బాబాయ్, నేను గుర్తున్నానా?"

గుర్తు లేకపోవడమేమిటి? ఆ ముక్కు అన్నయ్యది. ఏడేళ్ళప్పుడు ఇదే గదిలో నేల మీద కూర్చుని విరిగిన ఈకలు ఏరుకునేది. ఆయన లేచి, కుర్చీ మీది డబ్బాలు ఒక్కొక్కటే కిందికి దించాడు. ఆ పని నెమ్మదిగా చేశాడు. కళ్ళు ఆరాలి కదా.

"నాన్నకి తెలుసా ఇక్కడికొచ్చినట్టు?"

"తెలీదు. నేను బాణాలు వేస్తానంటేనే ఆయనకి పడదు. వద్దనడు, చూడ్డానికీ రాడు. షాపులో కొన్న బాణాలతో నెట్టుకొస్తున్నా. పదిరోజుల్లో జట్టు ఎంపిక ఉంది బాబాయ్. గాలి లేని రోజు బానే పడతాయి. కాస్త గాలొస్తే చాలు, తోకలూపుకుంటూ ఎటుబడితే అటు పోతాయి. కోచ్ నేను విల్లు తీగ వదలడం బాలేదంటున్నాడు."

ఆయన ఒక బాణం తీసుకుని చూశాడు. షాఫ్ట్ పుల్లకి వెనక పెద్ద పెద్ద ఈకలు, ముందు చిన్న పాయింట్. అందరూ పాయింట్ అనేదాన్ని ఆయన పాతకాలపువాడిలా ములికి అంటాడు. బాణాన్ని బల్ల మీద నిలబెట్టిన రేకు అంచున పెట్టి, అటూ ఇటూ జరిపి, ఎటూ ఒరగకుండా నిలిచిన చోట పెన్సిలుతో గీత గీశాడు. కొలిచి కాగితం బోర్లించాడు. మూడుసార్లు అయ్యేదాకా ఆ పిల్ల ఆవులించలేదు. అది ఆయన గమనించాడు.

"నీ షాఫ్ట్ పొడుగు ఏడొందల మిల్లీమీటర్లు. సగం మూడొందల యాభై. బరువు సరితూగింది వెనక కొస నుంచి నాలుగొందల ఆరు దగ్గర. అంటే సగం దాటి యాభై ఆరే ముందుకుంది. ఏడొందల్లో యాభై ఆరంటే నూటికి ఎనిమిది. చాలదమ్మా. నీ వదలడం కాదు, నీ బాణానికే ముందు బరువు లేదు."

"ముందు బరువుంటే ఏమవుతుంది?"

"లే. ఆ తలుపు తొయ్యి. బందుల పక్కన వేలు పెట్టి తొయ్యి."

ఆ పిల్ల లేచి తోసింది. తలుపు కదలడానికి మొరాయించింది.

"ఇప్పుడు గడియ దగ్గర."

ఒక్క వేలితో తలుపు తెరుచుకుంది.

"గాల్లో బాణం తిరిగేది దాని బరువు నిలిచే చోటు చుట్టూ. అది తలుపు బందు అనుకో. తోక పక్కకి జరిగినప్పుడు, ఎదురొచ్చే గాలి ఈకల్ని తోసి మళ్ళీ వరసలో పెడుతుంది. ఈకలు గడియన్నమాట. బందుకీ గడియకీ దూరం ఎంతుంటే గాలికి అంత పట్టు. బరువు ముందుకి జరిపితే ఆ దూరం పెరుగుతుంది. తోక ఊగినా తొందరగా సర్దుకుంటుంది. నీదాంట్లో బరువు వెనకుండిపోయింది. ఈకలు పెద్దవి పెట్టి సరిపెట్టారు, పక్కగాలికి అవే తెరచాపలయ్యాయి."

"అయితే ఇంకా బరువు పెట్టేద్దాం బాబాయ్. ఇరవై శాతం చేసెయ్."

ఆయన చాలా ఏళ్ళ తర్వాత నవ్వాడు. "మీ నాన్న కూతురివే. డెబ్భై మీటర్లు వెళ్ళాలి తల్లీ. మరీ బరువైతే మధ్యలోనే ముక్కు దించేస్తుంది. అదొక్కటే కాదు. ముందు బరువు పెరిగేకొద్దీ, తీగ వెనకనుంచి తోసినప్పుడు షాఫ్ట్ ఎక్కువ వంగుతుంది. మరీ వంగితే ఈకలు విల్లుకి రాసుకుంటూ పోతాయి. అందుకే ములికి మార్చినప్పుడు షాఫ్ట్ కూడా ఒక మెట్టు గట్టిది తీసుకోవాలి. నీకు పద్నాలుగు సరిపోద్ది."

నాలుగు రోజులు ఆయన గదిలో కూనిరాగం వినిపించింది. గట్టి షాఫ్టులు డజను తెచ్చి, ఏడొందలకి కోసి, అంచులు అరగదీశాడు. ములికి బరువు గ్రెయిన్లలో చూస్తారు; పాత ఎనభై గ్రెయిన్లదాని బదులు నూటపది పెట్టాడు. చిన్న ఈకలు అంటించాడు. పన్నెండూ నాలుగొందల నలభై ఎనిమిది దగ్గర నిలిచాయి. అలవాటు కొద్దీ చీటీ రాసి గొట్టానికి కట్టాడు: ముందు బరువు 14. పన్నెండేళ్ళ కిందట అన్నయ్య బాణాలకి కట్టిన చీటీ మీద కూడా ఇదే అంకె రాశాడు. అది తలచుకోగానే చెయ్యి ఆగింది. అయినా కట్టాడు.

బాణం బరువెక్కింది కనక సైటు కాస్త కిందికి దించుకోవాల్సి వచ్చింది. అంతే, మిగతాదంతా కుదిరింది. గాలి వీస్తున్న సాయంత్రం ఆ అమ్మాయి ఆరు బాణాలు వేస్తే, ఆరూ రెండు అరచేతులు కప్పేంత చోట గుచ్చుకున్నాయి. తోక ఒక్కసారి ఊగి, పది పదిహేను మీటర్లకే సర్దుకుని, ఆపైన గీత గీసినట్టు పోతోంది. ఆయన ఆమె వెనక నిలబడి చూసి, గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆకలేసింది.

ఎంపికకి రెండు రోజులుందనగా ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. మొహం మాడిపోయి ఉంది.

"నాన్న చీటీ చూశాడు బాబాయ్. నీ రాత గుర్తుపట్టేశాడు."

"తిట్టాడా?"

"తిడితే బాగుండేది. అటక మీంచి స్టీలు స్కేలొకటి తీశాడు. దాన్ని మా ఇంట్లో నేనెప్పుడూ చూళ్ళేదు. బాణం కొలిచి, 'అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. పద్నాలుగని రాస్తాడు, చూస్తే పన్నెండుంటుంది' అన్నాడు. నూటముప్పై గ్రెయిన్ల పాయింట్లు కొనుక్కొచ్చాడు. ఇవాళ వేడినీళ్ళలో ముంచి నీవి ఊడదీసి అవి పెడతానంటున్నాడు."

పన్నెండు? మూడుసార్లు కొలిచిన బాణం పన్నెండా? మళ్ళీ తప్పు చేశానా? ఆయన స్కేలు ఆ పిల్ల ముందుకి తోశాడు.

"ఎలా కొలిచాడు? నాకు చూపించు. ఆయన ఎలా చేశాడో అలాగే చెయ్యి."

ఆ పిల్ల బాణం బల్ల మీద పెట్టింది. స్కేలు మొదలు నాక్ గాడి దగ్గర, అంటే తీగ పట్టే గాడి దగ్గర సరిగ్గానే పెట్టింది. రెండో కొస దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు షాఫ్ట్ కోసిన అంచు దగ్గర ఆగలేదు. ములికి మీదుగా జారి, దాని మొన చివర ఆగింది.

"ఏడొందల ఇరవై రెండు. సగం మూడొందల అరవై ఒకటి. బరువు నాలుగొందల నలభై ఎనిమిది దగ్గర. అంటే ఎనభై ఏడు ముందుకి. నూటికి పన్నెండు."

ఆయన ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. ఇరవై రెండు మిల్లీమీటర్లు. ములికి బయటికి కనిపించే పొడవు. దాన్ని లెక్కలో కలపకూడదన్న సంగతి బాణాలు కట్టేవాళ్ళందరికీ తెలుసు. అన్నయ్య ఎప్పుడూ కట్టలేదు. ఎప్పుడూ కొలవలేదు.

"అప్పుడూ ఇంతే అన్నాడా?" అన్నాడు నెమ్మదిగా. "అప్పుడంటే ఎప్పుడు?"

"ఆయన ఆఖరి పోటీకి. భయమేసి, ముందురోజు మొదటిసారి తనే కొలుచుకున్నాట్ట. తక్కువొచ్చిందని నువ్వు పెట్టినవి పీకేసి బరువైనవి పెట్టుకున్నాట్ట. 'వాడు సరిగ్గా చేసుంటే నాకా ఖర్మ పట్టేది కాదు' అన్నాడు." ఆ పిల్ల ఆయన మొహం చూసి ఆగిపోయింది. "నీకు తెలీదా బాబాయ్?"

తెలియదు. పన్నెండేళ్ళు కొలిచినా తెలియలేదు. పద్నాలుగున్న బాణానికి పన్నెండే ఉందనుకుని అన్నయ్య ఇంకా బరువు తగిలించాడు. అసలు లెక్కలో అది పదహారు దాటింది. దానికి తగ్గ గట్టి షాఫ్ట్ లేదు. బాణం విల్లులోనే వంకర్లు పోయింది, ఈకలు విల్లుకి రాసుకున్నాయి, కుడిపక్కా కిందా పడ్డాయి. మంత్రం లేదు, మాయ లేదు. జిగురుదీ కాదు, ఈకలదీ కాదు, తనదీ కాదు. ఎవరైనా ఈ మాట చెబితే ఎగిరి గంతేస్తానని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. తీరా తెలిశాక కుర్చీలో కూలబడ్డాడు.

ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. నువ్వు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, అని రాశాడు. తలుపు తీసి ఉంటే, అని రాశాడు. పదిమందిలో, అని రాసి అక్కడ ఆగాడు. ఆ నీళ్ళు ఇంటి దగ్గర పొయ్యి మీదికి ఎక్కేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. పాత లెక్కలు తవ్వితే అన్నయ్య ఆ కాగితం చించేస్తాడు, పౌరుషానికి నూటముప్పై పెట్టేస్తాడు, పిల్ల గతి కూడా తండ్రి గతే అవుతుంది.

కాగితం ఉండచుట్టి పడేశాడు. ఇంకోటి తీసి దాని మీద బాణం బొమ్మ గీశాడు. నాక్ గాడి దగ్గర ఒక నిలువు గీత, షాఫ్ట్ అంచు దగ్గర ఇంకో నిలువు గీత, మధ్యలో 700. ములికి ఆ గీతకి బయట ఉంది. దానికింద ఒకే వాక్యం రాశాడు: పొడవు ఇక్కడిదాకానే, ములికి లెక్కలోకి రాదు. చదువుకుని, అందులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదని నిర్ధారించుకుని ఇచ్చాడు. దాన్ని కూడా మూడుసార్లు చదివాడు.

"పరిగెత్తు తల్లీ," అన్నాడు.

ఆ రెండు రోజులూ కబురు లేదు. ఫోను దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అది మోగలేదు.

ఎంపిక రోజున గాలి బాగానే ఉంది. జెండా గుడ్డలు టార్గెట్ల మీద పక్కకి లాగుతున్నాయి. ఆయన మెట్ల మీద ఆఖరి వరసలో కూర్చున్నాడు. కంచె అవతల, జనానికి దూరంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. నిలబడే తీరు మాత్రం మారలేదు, ఎడమ భుజం కొంచెం కిందికి. ఆయన ఆ భుజాన్ని చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

అన్నయ్య కాగితం నమ్మాడో లేదో తెలియాలంటే బాణం గాల్లోకి లేవాలి. అమ్మాయి తీగ లాగింది. బాణం వదిలింది, తోక ఒక్కసారి అటూ ఇటూ కదిలింది, తర్వాత నిటారుగా సాగిపోయి టార్గెట్ నడిమి పసుపులో గుచ్చుకుంది. కళ్ళు మూసుకున్నా చెప్పగలడు, అది నూటపదే. అన్నయ్య మార్చలేదు. పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ తన మాట నమ్మాడు.

జట్టులో నలుగురికే చోటు. అమ్మాయి నాలుగోదిగా నిలిచింది. కేకలూ చప్పట్లూ అయ్యాక ఆయన కంచె వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా రేంజ్ ఖాళీ అయ్యేదాకా, టార్గెట్లు లోపల పెట్టేదాకా ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నావని అడిగేవాళ్ళు లేరు గనక సరిపోయింది.

మర్నాడు అమ్మాయి వచ్చి, కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వారించాడు. ఆమె సంచీలోంచి చిన్న రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"నాన్న ఇమ్మన్నాడు. ఏం చెప్పమంటావంటే, ఏం చెప్పక్కర్లేదన్నాడు."

ఆమె వెళ్ళాక మూత తీశాడు. లోపల పాత ములికులు, ఒక్కొక్కదాని మెడ దగ్గర ఎండిన జిగురు. మూత అడుగున అంటించిన చీటీ మీద తన రాతే: ముందు బరువు 14. పన్నెండేళ్ళ కిందట అన్నయ్య పీకేసినవి. విల్లు అమ్ముకున్న మనిషి, తమ్ముడికి తలుపు తియ్యని మనిషి వీటిని మాత్రం పారెయ్యలేదు. నూనె రాసి దాచినట్టున్నాయి, ఒక్కదానికీ తుప్పు లేదు.

ఆయన కాటా ముందుకి లాక్కుని ఒక్కొక్కటే తూచాడు. అన్నీ ఒకే బరువు. తను అప్పుడు సరిగ్గానే చేశాడు. ఆ సంగతి చెప్పుకోడానికి గదిలో ఎవరూ లేరు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేదు.

చాలాసేపయ్యాక ఫోను తీశాడు. ఆ నంబరు చూసి నొక్కాల్సిన పనిలేదు. మూడుసార్లు మోగాక అవతల ఎత్తారు గానీ, మాట రాలేదు. ఊపిరి వినిపించింది.

"అన్నయ్యా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ములికులు అందాయి."

అవతల ముసలిదైపోయిన గొంతు. "ఎన్నున్నాయి?"

"పదకొండు."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు లెక్కపెట్టాన్రా అన్నయ్యా."

"ఒకటి నేనుంచుకున్నా," అన్నాడు అన్నయ్య. ఫోను పెట్టలేదు.

తమ్ముడూ పెట్టలేదు. ఫోను చెవి దగ్గరే పట్టుకుని, రెండో చేత్తో ఎదుటి కుర్చీ మీది దుమ్ము తుడిచాడు.